జేఆర్‌ఎఫ్ వస్తోంది, పే స్లిప్పేదీ?

బ్యాంకు లోన్ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: ఉద్యోగమా, వ్యాపారమా, ఇతరమా? నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుని హైదరాబాద్‌లోనో విశాఖలోనో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడికి అక్కడే పెన్ను ఆగిపోతుంది. నెలకు 37 వేలు, రెండేళ్లు గడిచి ఎస్‌ఆర్‌ఎఫ్ అయ్యాక 42 వేలు. ఇవి 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు. ఇంట్లోవాళ్లు ‘మావాడికి జీతం వస్తోంది’ అనే చెప్పుకుంటారు. పన్ను చట్టం మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

జీతం అనాలంటే ఒక యజమాని ఉండాలి, ఆయన దగ్గర చేసిన పనికి సొమ్ము రావాలి. యూజీసీకి ఈ కుర్రాడు ఉద్యోగి కాడు, అతను రాసే థీసిస్ తన డిగ్రీ కోసం రాసేదే. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(16)లో మినహాయింపు ఇచ్చారు. జేఆర్‌ఎఫ్‌ని దాని కిందే చూపిస్తారు. 2025లో వచ్చిన కొత్త చట్టంలో నంబర్లు మారాయి గానీ మినహాయింపు పోలేదు.

అయితే పేరులో ఫెలో అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ప్రొఫెసర్‌గారి ప్రాజెక్టులో పనికి తీసుకున్నవాళ్లనీ కొన్నిచోట్ల జేఆర్‌ఎఫ్ అనే పిలుస్తారు. చేతికొచ్చిన కాగితం చదివితే తేడా కొంత తెలుస్తుంది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ లేకుండా, ప్రాజెక్టు పని అప్పగిస్తూ, సెలవుల నిబంధనలతో నియామకపు ఉత్తర్వు ఇస్తే అది జీతం కిందికి రావడానికే అవకాశం ఎక్కువ.

ఏడాదికి 4 లక్షల 44 వేలకి ఎలాగూ పన్ను పడదు కదా, ఈ గొడవంతా ఎందుకని అడగొచ్చు. కొత్త పద్ధతిలో 12 లక్షల దాకా పన్ను లేదన్నది నిజమే. చిక్కంతా పీహెచ్‌డీ అయిపోయి ఉద్యోగంలో చేరిన ఏడాది వస్తుంది. ఒకమ్మాయి ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఎస్‌ఆర్‌ఎఫ్ తీసుకుంది, ఆరు నెలలకి 2.52 లక్షలు. అక్టోబరులో నెలకు 1.75 లక్షల జీతంతో ఫార్మా కంపెనీలో చేరింది, మార్చికి 10.5 లక్షలు. ఫెలోషిప్‌ని మినహాయింపులో చూపిస్తే మిగిలేది జీతమే. అందులో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 9.75 లక్షలు, పన్ను సున్నా. రెండూ కలిపి జీతం గడిలో వేస్తే 12.27 లక్షలవుతుంది. పరిమితి దాటిన ఆ 27 వేలూ పన్నుగా పోతాయి, పైన సెస్సు అదనం. కట్టక్కర్లేని సొమ్ము!

కొన్ని సంస్థల అకౌంట్స్ విభాగాలు ఫెలోషిప్ మీదా టీడీఎస్ కోసేస్తాయి. ప్రొఫెషనల్ ఫీజుల సెక్షన్ 194J కింద వేసిన సందర్భాలూ ఉన్నాయి. ఫారం 26AS తెరిస్తే ఏ సెక్షన్ కింద కోశారో కనిపిస్తుంది. రిటర్నులో ఫెలోషిప్‌ని మినహాయింపు ఆదాయం దగ్గర చూపించి రీఫండ్ అడగాలి. అవార్డు లెటరు దాచుకోవాలి, నోటీసు వస్తే చూపించేది అదే. సేవింగ్స్ ఖాతా వడ్డీకీ, గెస్ట్ లెక్చర్ల డబ్బుకీ మాత్రం ఈ మినహాయింపు అంటదు.

ఇక లోను. పన్ను దగ్గర కలిసొచ్చిందే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. జీతం కాదు కాబట్టి ఫారం 16 ఉండదు, పే స్లిప్ ఉండదు. రిటర్ను వేసినా పన్ను పడే ఆదాయం సున్నాకి దగ్గర్లో కనిపిస్తుంది. స్టేట్‌మెంట్ చూపిద్దామంటే, నెలనెలా యూనివర్సిటీ ఆన్‌లైన్‌లో ధ్రువీకరిస్తే గానీ యూజీసీ సొమ్ము ఖాతాలో పడదు. అక్కడి గుమస్తా సెలవు పెడితే మూడు నెలలు ఖాళీ, నాలుగో నెల 1.48 లక్షలు ఒక్కసారే. మేనేజరుకి అది నెలసరి రాబడిలా కనిపించదు. పైగా ఫెలోషిప్ మొత్తం ఐదేళ్లకి మించదు. మూడేళ్లు గడిచాక అడిగితే మిగిలిన రెండేళ్లకే భరోసా ఉన్నట్టు, ఇరవై ఏళ్ల ఇంటి రుణానికి అది చాలదు.

లోను కోసమని రిటర్నులో జీతంగా చూపించేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినొద్దు. యజమానే లేని జీతానికి ఫారం 16 ఎక్కడిది? బ్యాంకు అడిగే మొదటి కాగితం అదే. స్కూటర్ లాంటి చిన్న రుణానికైతే అవార్డు లెటరు, ఎంతకాలం ఎంత వస్తుందో రిజిస్ట్రారు సంతకంతో సర్టిఫికెట్, ఏడాది స్టేట్‌మెంట్ పట్టుకెళ్లి, ‘ఇతరం’ అనే టిక్కు పెట్టి, నాన్ననో అక్కనో సహ దరఖాస్తుదారుగా చేర్చమంటే పని జరిగే వీలుంది. అదీ కుదరకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీదో బంగారం మీదో తీసుకోవడమే. వాటికి పే స్లిప్ ఎవరూ పెద్దగా పట్టించుకోరు.