ట్రెజరీ బిల్లు డిస్కౌంటు రేటు, నిజ ప్రతిఫలం

ప్రభుత్వం స్వల్పకాలిక అవసరాలకై జారీ చేసే రుణపత్రాన్ని ట్రెజరీ బిల్లు అంటారు. దీనికి విడిగా వడ్డీ చెల్లించరు. మదుపరి బిల్లును ముఖవిలువ కంటే తక్కువ ధరకు కొని, గడువు తీరిన నాడు పూర్తి ముఖవిలువను పొందుతాడు. ఈ రెంటి మధ్యనున్న తేడాయే అతని ఆదాయం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ఆదాయాన్ని 'బ్యాంకు డిస్కౌంటు రేటు' అనే సంఖ్యతో తెలిపే ఆచారం ఉన్నది. అయితే ఆ సంఖ్య మదుపరి పెట్టిన సొమ్ముపై అతనికి నిజంగా వచ్చే ప్రతిఫలం కాదు. అది ఎల్లప్పుడూ దానికంటే తక్కువగానే ఉంటుంది.

అమెరికా కేంద్ర బ్యాంకయిన ఫెడరల్ రిజర్వు ఇతర బ్యాంకులకు అప్పు ఇచ్చేటపుడు వసూలు చేసే వడ్డీని కూడా డిస్కౌంటు రేటు అనే పిలుస్తారు. పేరు ఒకటే అయినా దానికీ దీనికీ సంబంధం లేదు.

లెక్కించే విధానం

బ్యాంకు డిస్కౌంటు రేటును కట్టడానికి ముఖవిలువ నుండి ధరను తీసివేసి, వచ్చిన మొత్తాన్ని ముఖవిలువతో భాగించి, సంవత్సరానికి 360 రోజులుగా భావించి వార్షిక రేటుగా మారుస్తారు.

డిస్కౌంటు రేటు = (ముఖవిలువ − ధర) ÷ ముఖవిలువ × 360 ÷ రోజులు

నిజ ప్రతిఫలాన్ని కట్టేటపుడు భాజకంగా ధరను తీసుకుంటారు; సంవత్సరానికి 365 రోజులు లెక్కిస్తారు.

నిజ ప్రతిఫలం = (ముఖవిలువ − ధర) ÷ ధర × 365 ÷ రోజులు

అమెరికా ట్రెజరీ శాఖ ఈ రెండవ సంఖ్యను 'ఇన్వెస్ట్‌మెంట్ రేటు' పేరుతో వేలం ఫలితాలలో డిస్కౌంటు రేటు ప్రక్కనే ప్రకటిస్తుంది. బిల్లు జారీ అయిన తేదీ తరువాతి ఏడాదిలో ఫిబ్రవరి 29 వస్తే 365కు బదులు 366 వాడుతారు.

పాత పద్ధతిలో రెండు లోపాలున్నవి. మొదటిది, మదుపరి చేతినుండి వెళ్ళేది ధర మాత్రమే. ముఖవిలువ అతడు ఇంకా పొందని సొమ్ము. పొందబోయే పెద్ద మొత్తంతో భాగించడం వలన రేటు చిన్నదిగా కనిపిస్తుంది. రెండవది, సంవత్సరంలో ఐదు రోజులు లెక్కలో లేకుండా పోతాయి. పోటీ పరీక్షల అంకగణితంలో 'బ్యాంకర్స్ డిస్కౌంటు', 'ట్రూ డిస్కౌంటు' లెక్కలు చేసిన విద్యార్థులకు మొదటి లోపం పరిచితమే.

ఈ పద్ధతి వర్తకుల హుండీలను, బిల్లులను బ్యాంకులు గడువుకు ముందే కొనుగోలు చేసే వ్యవహారం నుండి వచ్చినది. బిల్లుపై వ్రాసి ఉన్న మొత్తాన్ని రేటుతో గుణించి, ఆ మేరకు కోసుకొని మిగిలినది చేతికి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. 360ని పన్నెండు నెలలకు సమంగా పంచవచ్చు. 90 రోజులంటే సరిగ్గా నాలుగవ వంతు. కాగితంపై లెక్క చేసేవారికి ఇది ఎంతో సులువు. అమెరికా ట్రెజరీ బిల్లుల మొదటి వేలం 1929 డిసెంబరులో జరిగింది. అవి 90 రోజుల బిల్లులు. గణనయంత్రాలు వచ్చిన తరువాత ఈ సులువుతో అవసరం తీరిపోయినా అలవాటు మాత్రం పోలేదు.

ఉదాహరణ

10,000 డాలర్ల ముఖవిలువ, 91 రోజుల గడువు గల బిల్లు 5 శాతం డిస్కౌంటు రేటుకు అమ్ముడుపోయిందనుకుందాం. డిస్కౌంటు 10,000 × 0.05 × 91 ÷ 360, అనగా 126.39 డాలర్లు. కాబట్టి ధర 9,873.61 డాలర్లు.

ఇపుడు ఆ 126.39 డాలర్లను ముఖవిలువతో కాక ధరతో భాగించి, 360 రోజుల లెక్కనే ఉంచితే 5.064 శాతం వస్తుంది. 360 స్థానంలో 365 వేస్తే 5.134 శాతం అవుతుంది. అంటే మొత్తం 0.134 శాతం తేడాలో దాదాపు సగం భాజకం వలన, మిగిలిన సగం ఐదు రోజుల వలన ఏర్పడినది.

ఒక మదుపరి ముందు ఈ బిల్లుతో పాటు, 365 రోజుల లెక్కన 5.10 శాతం సాధారణ వడ్డీ ఇచ్చే 91 రోజుల బ్యాంకు డిపాజిట్ కూడా ఉన్నదనుకుందాం. సంఖ్యలను ఉన్నవి ఉన్నట్లుగా పోల్చితే 5 కంటే 5.10 ఎక్కువ గనుక డిపాజిట్ మేలనిపిస్తుంది. కాని అదే 9,873.61 డాలర్లను డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ 125.54 డాలర్లే. చిన్న మదుపరికి పోయేది ఒక డాలరు కంటే తక్కువ. పది కోట్ల డాలర్ల ముఖవిలువ మేరకు నిధులను చూసే సంస్థ ఇదే పొరపాటు చేస్తే మూడు నెలలలో సుమారు 8,450 డాలర్లు నష్టపోతుంది. బిల్లుపై ఆదాయానికి అమెరికాలో రాష్ట్ర ఆదాయపు పన్ను ఉండదు. డిపాజిట్ వడ్డీకి ఆ మినహాయింపు లేదు. ఆ లాభం ఈ లెక్కలో చేరలేదు.

తేడా ఎపుడు పెరుగుతుంది

డిస్కౌంటు రేటును d అని, రోజులను t అని, నిజ ప్రతిఫలాన్ని r అని అనుకుంటే ధర తెలియకుండానే మార్పిడి చేయవచ్చు:

r = 365 × d ÷ (360 − d × t)

రేటు గాని గడువు గాని పెరిగిన కొలదీ భాజకం తగ్గి తేడా పెరుగుతుందని దీనివలన తెలుస్తుంది. 91 రోజుల బిల్లుకు 15 శాతం డిస్కౌంటు రేటు ఉంటే నిజ ప్రతిఫలం 15.81 శాతం. అమెరికాలో 1981లో మూడు నెలల బిల్లుల రేట్లు ఈ స్థాయిని చూసినవి. రేట్లు సున్నాకు చేరువైనపుడు తేడా కంటికి ఆనదు. చివరికి 100 శాతం రేటు, 360 రోజుల గడువు అనుకొంటే బిల్లు ధర సున్నా అవుతుంది! పెట్టుబడే లేని చోట ప్రతిఫలానికి అర్థం లేదు; డిస్కౌంటు రేటు ధరను తెలిపే ఒక పద్ధతే గాని ఆదాయపు కొలత కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఆరు నెలలు మించిన బిల్లులకు పై సూత్రం నేరుగా వాడరు. ప్రభుత్వ బాండ్లు ఆరు నెలలకొకసారి వడ్డీ ఇస్తాయి గనుక, వాటితో సరిపోల్చడానికి బిల్లు కూడా మధ్యలో ఒకసారి వడ్డీ ఇచ్చినట్లు భావించి వర్గ సమీకరణం ద్వారా రేటు కడతారు. 364 రోజుల బిల్లు 5 శాతం డిస్కౌంటుకు దొరికితే సాధారణ లెక్కన 5.339 శాతం రాగా, ఈ పద్ధతిలో 5.270 శాతం వస్తుంది.

గణాంకాలలో జాగ్రత్త

ఫెడరల్ రిజర్వు ప్రకటించే వడ్డీరేట్ల పట్టికలో ద్వితీయ విపణి బిల్లుల రేట్లు డిస్కౌంటు పద్ధతిలోను, దీర్ఘకాలిక పత్రాల రేట్లు నిజ ప్రతిఫలం పద్ధతిలోను ఉంటాయి. పదేళ్ళ రేటు నుండి మూడు నెలల బిల్లు రేటును మార్చకుండానే తీసివేస్తే, వ్యత్యాసం ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. ఈ వ్యత్యాసం ఆధారంగా ఆర్థిక మాంద్యాన్ని అంచనా వేసే న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు, బిల్లు రేటును ముందుగా బాండు పద్ధతికి మార్చుకొంటుంది. వ్యత్యాసం సున్నాకు కొద్దిగా అటూ ఇటూ ఉన్న సమయంలో మార్చక తప్పదు. లేకపోతే ఋణాత్మకమైనది ధనాత్మకంగా కనిపించవచ్చు.

భారతదేశంలో

భారతీయ రిజర్వు బ్యాంకు 91, 182, 364 రోజుల బిల్లులను వేలం వేస్తుంది. ఇక్కడ ప్రతిఫలాన్ని ధరపైనే, 365 రోజుల లెక్కన చెబుతారు. ఉదాహరణకు 91 రోజుల బిల్లు నూటికి 98.36 రూపాయల ధర పలికితే ప్రతిఫలం 6.69 శాతం. అదే బిల్లును అమెరికా పద్ధతిలో చెబితే 6.49 శాతమే అవుతుంది. కనుక రెండు దేశాల బిల్లులను పోల్చేవారు మారకపు విలువ సంగతి చూడడానికి ముందే ఈ మార్పిడి చేసుకోవాలి.

నిజ ప్రతిఫలానికి కూడా పరిమితులున్నవి. బిల్లును గడువు వరకు ఉంచుకొన్నపుడే అది దక్కుతుంది. మధ్యలో అమ్మితే ఆనాటి ధరను బట్టి ఉంటుంది. అంతేగాక అది సాధారణ వడ్డీ లెక్క. పై 5.134 శాతం బిల్లును ఏడాది పొడవునా అదే రేటుకు తిరిగి తిరిగి కొనగలిగితే చక్రవడ్డీతో 5.234 శాతం అవుతుంది.