పుండు లోతు ఎముక దాకా వెళ్ళిందా?

షుగర్ ఉన్నవాళ్ళ కాలి పుండును చూసి ఇంట్లోవాళ్ళు మొదట అడిగేది ‘ఎంత పెద్దదైంది?’ అని. కాలు నిలబడుతుందా లేదా అన్నది మాత్రం పుండు వెడల్పు కంటే దాని లోతు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. పైన రూపాయి బిళ్ళంత కూడా లేని పుండు కింద ఎముక కుళ్ళుతూ ఉండవచ్చు. అరచేయంత పుండు చర్మం దగ్గరే ఆగిపోయి, శుభ్రంగా మానిపోనూ వచ్చు. ఈ తేడా తెలుసుకోవడానికి డాక్టరు చేసే మొదటి పరీక్షకు పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. మొన మొద్దుగా ఉండే సన్నని స్టీలు పుల్ల చాలు. ప్రోబ్ అంటారు దాన్ని.

మన ఊళ్ళలో తరచూ కనిపించే తీరుగా ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 58 ఏళ్ళ తాపీ మేస్త్రీ. షుగర్ వచ్చి 14 ఏళ్ళయింది. అరికాల్లో, చిటికెన వేలు మొదలయ్యే చోట ఆనె కాసింది. బ్లేడుతో చెక్కేసుకున్నాడు. కాళ్ళలో స్పర్శ తగ్గిపోయినందువల్ల నొప్పి తెలియలేదు. సిమెంటు పని ఆపలేదు. ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ మాత్రలు ఐదు రోజులు వాడితే తగ్గినట్టే ఉండి మళ్ళీ చీము పట్టింది. ఆరు వారాలు గడిచాక ఆసుపత్రికి వచ్చేసరికి పుండు నోరు ఒకటిన్నర సెంటీమీటర్లే. చుట్టూ తెల్లగా గట్టిపడిన అంచు, కట్టు విప్పగానే వాసన.

డాక్టరు ముందు తేల్చాల్సింది ఇది ఇన్‌ఫెక్షనా కాదా అన్నది. ప్రతి పుండు మీదా సూక్ష్మక్రిములు ఉంటాయి కాబట్టి క్రిములు కనిపించడమే రుజువు కాదు. వాపు, చుట్టూ అర సెంటీమీటరు దాటిన ఎరుపు, వేడి, నొప్పి, చీము: ఈ ఐదింటిలో కనీసం రెండు ఉండి, వాటికి గౌట్, దెబ్బ వంటి వేరే కారణం లేనప్పుడే ఇన్‌ఫెక్షన్ అంటారు. అది లేని పుండుకు యాంటీబయాటిక్ ఇస్తే త్వరగా మానదు, క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, అంతే. మన చర్మపు ఛాయలో ఎరుపు సరిగా కనిపించదన్నది మనవాళ్ళు గుర్తుంచుకోవాలి. చేతి వెనకభాగం ఆనించి రెండు పాదాల వేడినీ, వాపునూ పోల్చి చూస్తే ఎక్కువ తెలుస్తుంది. ఎప్పుడూ నొప్పి తెలియని పాదంలో కొత్తగా నొప్పి మొదలైతే లోపల చీము పట్టిందేమోనని అనుమానించాలి.

తర్వాత తీవ్రత. మధుమేహ పాద నిపుణుల అంతర్జాతీయ బృందం వాడే వర్గీకరణలో నాలుగు మెట్లున్నాయి. ఇన్‌ఫెక్షన్ లేకపోతే ఒకటి. చర్మానికీ దాని కింది పొరకూ పరిమితమై, ఎరుపు రెండు సెంటీమీటర్ల లోపే ఉంటే రెండు. ఎరుపు రెండు సెంటీమీటర్లకు చేరినా, కండరం, నరం, కీలు, ఎముక వంటి లోతులకు దిగినా మూడు. ఒళ్ళంతా దెబ్బ తింటున్న గుర్తులు తోడైతే నాలుగు. ఆ గుర్తులు ఇవి: జ్వరం 100.4 డిగ్రీలు దాటడం లేదా ఒళ్ళు 96.8 కంటే చల్లబడటం, నాడి నిమిషానికి 90 మించడం, శ్వాస 20 మించడం, తెల్ల రక్తకణాలు 12,000 పైకి పోవడం లేదా 4,000 కిందికి పడిపోవడం. వీటిలో రెండు ఉంటే ఆ రోజే ఆసుపత్రిలో చేరాలి. ఎముకకు సోకితే అంకె పక్కన ‘ఓ’ అక్షరం చేరుస్తారు. ఎముక సోకును ఆస్టియోమైలైటిస్ అంటారు కనుక ఆ గుర్తు.

మన మేస్త్రీకి జ్వరం లేదు, నాడి 84. ‘జ్వరం లేదు కదా సార్, పెద్దదేం కాదుగా’ అంటాడు భార్యతో వచ్చిన కొడుకు. అక్కడే చాలామంది పొరపాటు పడతారు. షుగర్ రోగుల్లో పాదం లోతుగా చెడినా జ్వరం రాకపోవడం మామూలే. అతనికి ఎరుపు మూడు సెంటీమీటర్లు ఉంది కాబట్టి మూడో మెట్టు. ఇక పక్కన ‘ఓ’ ఉందా లేదా?

గట్టిపడిన చర్మాన్నీ చచ్చిన కండనూ ముందు తొలగిస్తారు. అప్పుడే పుండు అసలు లోతు బయటపడుతుంది. తర్వాత క్రిమిరహితం చేసిన పుల్లను పుండులోకి మెల్లగా పోనిస్తారు. మెత్తని కండ తగిలితే పుల్ల వంగిపోయినట్టు, జారినట్టు ఉంటుంది. ఎముక తగిలితే గట్టిగా, గరుకుగా, రాయిని తాకినట్టు ఆగుతుంది. రోగికి పెద్ద బాధ ఉండదు, ఒక నిమిషం పని. మేస్త్రీకి పుల్ల ఆగింది. డాక్టరు అదే చోట రెండోసారి తాకి చూసుకున్నాడు. మళ్ళీ ఆగింది.

ఎముక తగిలిందంటే ఎముక చెడిందని తీర్పు ఇచ్చేయవచ్చా? ఈ ప్రశ్న మీద కాస్త నిలబడాలి. 1995లో గ్రేసన్ బృందం అమెరికాలో 76 పుండ్లను పరిశీలించి, పుల్లకు ఎముక తగిలినవాళ్ళలో 89 శాతం మందికి నిజంగానే ఎముకకు సోకిందని చెప్పింది. పన్నెండేళ్ళ తర్వాత, 2007లో, లావరీ బృందం అవుట్‌పేషెంట్ క్లినిక్కులో అదే పరీక్ష చేస్తే ఆ అంకె 57కు పడిపోయింది. పుల్లలో లోపం లేదు, డాక్టరు చేతిలోనూ లేదు. మొదటి బృందం చూసినవి తీవ్రంగా చెడి ఆసుపత్రిలో చేరినవాళ్ళ పాదాలు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మందికి ముందే ఎముక సోకి ఉంది. రెండో చోటికి రకరకాల పుండ్లు వచ్చాయి, వాటిలో ఎముక సోకినవి 12 శాతమే. అనుమానం ముందే బలంగా ఉన్నచోట పుల్ల దాన్ని ఖాయం చేస్తుంది. అనుమానం తక్కువున్న చోట ఎముక తగలకపోవడమే ఎక్కువ విలువైన సమాచారం. లావరీ చూసినవాళ్ళలో పుల్ల తగలనివారిలో 98 శాతం మందికి ఎముక బాగానే ఉంది. అందుకే మంచి డాక్టరు పుల్ల ఫలితాన్ని ఒంటరిగా చదవడు. పుండు ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఎంత లోతు, వేలు వాచి ఎర్రగా ఉందా అన్నవి కూడా చూసి నిర్ణయిస్తాడు.

మేస్త్రీకి రక్తపరీక్షలో ఈఎస్‌ఆర్ 92 వచ్చింది. 70 దాటితే ఎముక మీద అనుమానం పెరుగుతుంది. ఎక్స్‌రే మాత్రం ‘నార్మల్’ అని వచ్చింది. కొడుకు ఊపిరి పీల్చుకున్నాడు. డాక్టరు పీల్చుకోలేదు. ఎముకలోని ఖనిజం బాగా కరిగితే గానీ ఎక్స్‌రేలో మార్పు కనిపించదు. దానికి రెండు మూడు వారాలు పడుతుంది. కాబట్టి తొలి ఎక్స్‌రే బాగున్నంత మాత్రాన ఎముక బాగున్నట్టు కాదు. స్థోమత లేనిచోట రెండు మూడు వారాల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీసి మొదటిదానితో పోల్చడం నమ్మదగిన పద్ధతే. ఎంఆర్‌ఐ అయితే ఎముక మజ్జలో చేరిన నీటినీ, చీము గూడునూ ముందుగానే చూపిస్తుంది, సర్జన్ ఎక్కడిదాకా వెళ్ళాలో చెబుతుంది. స్పర్శ పోయిన పాదంలో కీళ్ళు తమంతట తామే విరిగి వాచే షార్కో జబ్బు మాత్రం ఎంఆర్‌ఐలో ఇన్‌ఫెక్షన్‌లాగే కనిపించి మోసం చేస్తుంది. ఎముక పుండు కిందే చెడితే ఇన్‌ఫెక్షన్ వైపు, పుండుకు దూరంగా పాదం మధ్యలో చెడితే షార్కో వైపు మొగ్గు చూపాలి. మేస్త్రీ ఎంఆర్‌ఐలో పుండుకు సరిగ్గా పైన, చిటికెన వేలిని పాదంతో కలిపే పొడవాటి ఎముక తల చెడినట్టు తేలింది. ఇక అనుమానం లేదు: మూడు, పక్కన ‘ఓ’.

మందు ఎంచుకోవడానికి ఏ క్రిమి సోకిందో తెలియాలి. ఊళ్ళో పుండు మీద దూదిపుల్ల రాసి ల్యాబుకు పంపితే సూడోమోనాస్ అని రిపోర్టు వచ్చింది. పైపై తడిలో పెరిగేవాటికీ, ఎముకలో దాక్కున్నదానికీ సంబంధం లేకపోవచ్చు. కాబట్టి సర్జరీలో ఎముక ముక్కను తీసి, ఒక భాగం కల్చర్‌కూ, ఒక భాగం సూక్ష్మదర్శిని పరీక్షకూ పంపారు. ఎముకలో పెరిగింది స్టెఫిలోకాకస్ ఆరియస్, అదీ మామూలు మందులకు లొంగే రకం. దూదిపుల్ల రిపోర్టును నమ్మి ఉంటే ఖరీదైన ఇంజక్షన్లు అక్కర్లేకుండా పొడిచేవారు.

సర్జరీకి ముందు మరో పరీక్ష తప్పనిసరి: కాలికి రక్తం అందుతోందా? రక్తం అందని చోటికి యాంటీబయాటిక్ కూడా సరిగా అందదు, కోసిన గాయం మానదు. షుగర్ రోగుల్లో రక్తనాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి. అందువల్ల చీలమండ దగ్గర బీపీ ఎక్కువగా చూపించి మభ్యపెడుతుంది. కాలి బొటనవేలి దగ్గర కొలిచిన ఒత్తిడే నమ్మదగింది. మేస్త్రీకి అది 70 ఉంది, ఫర్వాలేదు. 30 కంటే తక్కువుంటే వెంటనే రక్తనాళాల సర్జన్‌ను పిలవాలి.

అసలు కోయకుండా మందులతోనే నయం చేయవచ్చా? కొందరికి చేయవచ్చు. పాదం ముందుభాగంలో ఎముక కొద్దిగా సోకి, రక్తప్రసరణ బాగుండి, లోపల చీము గానీ చచ్చిన కండ గానీ లేకపోతే యాంటీబయాటిక్ ఒక్కటే ఆరు వారాలు ఇవ్వడం ఒక దారి. స్పెయిన్‌లో 2014లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఇలాంటి ఎంపిక చేసిన రోగుల్లో మందులకూ చిన్న సర్జరీకీ పెద్ద తేడా కనిపించలేదు. మేస్త్రీకి కీలు పూర్తిగా తెరుచుకుపోయింది, లోపల చీము ఉంది. అందుకే సర్జన్ చెడిన ఎముక తలను మాత్రం తీసేసి, వేలిని అలాగే ఉంచాడు. ‘వేలు తీసేస్తారా?’ అని భయపడ్డ కుటుంబానికి ఇది చెప్పాలి: లోపలి ఎముక ముక్క తీసేసి వేలిని నిలబెట్టే అవకాశం చాలాసార్లు ఉంటుంది, తొందరగా వస్తే.

చెడినదంతా తీసేశాక సర్జన్ మిగిలిన ఎముక అంచు నుంచి మరో చిన్న ముక్క పంపుతాడు. అది శుభ్రంగా ఉండి, చుట్టూ కండ కూడా బాగుంటే యాంటీబయాటిక్ కొన్ని రోజులు చాలు. అందులో క్రిమి మిగిలి ఉంటే మూడు వారాల దాకా. ఎముక తీయకపోతే ఆరు వారాలు. మేస్త్రీ అంచు ముక్కలో స్టెఫిలోకాకస్ కనిపించింది కాబట్టి మూడు వారాలు మాత్రలు వాడాడు. ఇంతకంటే పొడిగిస్తే మేలు పెరగదు, విరేచనాలూ మందుకు లొంగని క్రిములూ పెరుగుతాయి.

మందూ కత్తీ రెండూ సరిగా పనిచేసినా, ఆ చోట బరువు పడుతూ ఉంటే పుండు మానదు. స్పర్శ పోయిన పాదానికి పాదం నుంచి మోకాలి కింద వరకూ అచ్చంగా సరిపోయే ప్లాస్టర్ కట్టు కట్టి బరువును పంచడాన్ని, వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాల మీద పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రపంచానికి నేర్పించిన వాళ్ళలో ఒకరు. ఇన్‌ఫెక్షన్ తగ్గాకే ఆ కట్టు వేస్తారు. మానిన తర్వాత మెత్తని ఎంసీఆర్ చెప్పులు, ఇంట్లోనూ వేసుకునేవి, జీవితాంతం కావాలి. మానిన పుండ్లలో సుమారు 40 శాతం ఏడాది లోపే మళ్ళీ తిరగబెడతాయి. ఎముక సోకు తగ్గిందని ఖాయంగా చెప్పడానికి కూడా చికిత్స ముగిశాక ఆరు నెలలు గమనించాలి.

మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ పుండు రెండు వారాలైనా మానకపోతే, మాత్రలు మార్చుకుంటూ కూర్చోకండి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి, ‘పుల్లతో లోతు చూశారా? ఎముక తగిలిందా? కాలికి రక్తం అందుతోందా?’ అని మూడు ప్రశ్నలూ అడగండి. పాదం నల్లబడినా, వాపు గంటగంటకూ పైకి ఎక్కినా, చలిజ్వరం వచ్చినా మర్నాటి దాకా ఆగకండి.