ఆరుగురి ఆటలో ఏడో చెయ్యి

సికింద్రాబాదులో రమ్మీ ఆడిస్తున్న ఒక క్లబ్బు కేసు 1967లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేనని కోర్టు తేల్చింది. మూడు ముక్కలాటను మాత్రం పూర్తిగా అదృష్టానిదేనంది. ఈ మాటను రమ్మీ యాప్‌లు ఏళ్ల తరబడి చాటుకున్నాయి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది: పందేలాట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తుంటే అది నేరమే కావచ్చు.

యాప్ బతికేది ఆ లాభం మీదే. దాన్ని రేక్ అంటారు. రమ్మీలో నూటికి పది, పదిహేను దాకా తీసుకోవడం మామూలు. ఇద్దరు చెరో 100 రూపాయలు పెట్టి ఆడారనుకోండి. రేక్ 15 శాతమైతే గెలిచినవాడికి వచ్చేది 170. అంటే గెలిస్తే 70 లాభం, ఓడితే 100 నష్టం. ఇద్దరూ సమవుజ్జీలై వంద ఆటలు ఆడి చెరి సగం గెలిచినా, ఒక్కొక్కరి జేబులోంచి 1,500 పోతుంది. అసలు దక్కాలంటేనే వందలో 59 గెలవాలి. మనం ‘నిన్న గెలిచాను, ఇవాళ పోయింది, చెల్లుకు చెల్లు’ అనుకుంటాం. చెల్లు కాదు, ప్రతి ఆటకీ 30 రూపాయలు టేబుల్ దాటి వెళ్లిపోతున్నాయి. ఎవరు గెలిచినా ఆగని కోత అది.

కోత కనిపిస్తుంది, లెక్క కట్టవచ్చు. కుమ్మక్కు కనిపించదు.

ఆరుగురి టేబుల్లో ముగ్గురు స్నేహితులు ఫోన్ కలుపుకుని కూర్చున్నారనుకుందాం. తలా 13 ముక్కలు, మొత్తం 39 ముక్కలు వాళ్ల కళ్ల ముందున్నాయి. రెండు కట్టల ఆటలో ఆఠీను ఏడు రెండే ఉంటాయి. సీక్వెన్స్ కోసం మీరు దానికై ఎదురు చూస్తుంటే, ఆ రెండూ వాళ్ల చేతుల్లోనే ఉండవచ్చు. పైగా, ముందు కూర్చున్నవాడు పారేసిన ముక్కనే తర్వాతివాడు ఎత్తుకోగలడు కాబట్టి పక్క పక్క కుర్చీలు దొరికితే కావలసిన ముక్క అందించడం చిటికెలో పని. ముగ్గురిలో ముక్కలు బాగాలేని ఇద్దరు మొదట్లోనే డ్రాప్ అయి చెరి 20 పాయింట్లు పోగొట్టుకుంటారు. మూడోవాడు గెలిస్తే రేక్ పోను ఆ డబ్బు ఆ జట్టుకే తిరిగొస్తుంది. నిజంగా నష్టపోయేది బయటి ముగ్గురే. తీన్ పత్తిలో దీని రూపు వేరు. ఇద్దరూ మిమ్మల్ని మధ్యలో పెట్టి చాల్ పెంచుతూ పోతారు, మీరు ప్యాక్ చేసేదాకా.

జోకర్‌నో, చేతిలో కుదిరిన ముక్కనో ఒకడు ఊరికే పారేస్తే అనుమానించాలి. రెండు పేర్లు ఎప్పుడూ ఒకే టేబుల్లో కనబడుతూ, ఒకడు గెలిచినప్పుడల్లా ఇంకొకడు ముందే తప్పుకుంటున్నా అంతే. కానీ ఒకటి రెండు ఆటలతో ఏదీ రుజువు కాదు. వందల ఆటల చరిత్ర ఉండేది కంపెనీ దగ్గరే. ఒకే ఫోన్, ఒకే నెట్‌వర్క్, ఒకే చోటు, ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు ఎప్పుడూ ఒకే దిక్కుగా పారే డబ్బు - ఇవి వాళ్లు వెతకగలరు. ఒకే గదిలో మూడు వేర్వేరు సిమ్‌లతో కూర్చున్నవాళ్లను పట్టడం వాళ్లకూ కష్టమే.

బాట్ల భయం ఇంకా లోతైనది. ఆటగాడెవరో ప్రోగ్రాం పెట్టి ఆడించడం ఒక మోసం. యాప్ తానే బాట్‌ను కూర్చోబెడితే ఆట స్వభావమే మారిపోతుంది. రేక్ మాత్రమే తీసుకునేవాడికి ఎవరు గెలిచినా ఒకటే. తానే ఆడేవాడికి మీరు ఓడాలి, పైగా అందరి ముక్కలూ అతని సర్వర్లోనే ఉంటాయి. యాప్‌లు చూపే RNG సర్టిఫికెట్ ముక్కలు కలపడం సక్రమమని చెబుతుందే గాని, ఎదురుగా కూర్చున్నది మనిషని చెప్పదు. ప్రతి ఎత్తుకూ ఒకే సమయం తీసుకోవడం, తెల్లారుజాము మూడింటికీ తడబడకపోవడం లాంటి గుర్తులు చెబుతుంటారు. ఆలస్యాన్నీ తడబాటునూ ప్రోగ్రాంలో రాసుకోవచ్చు కనుక తెర మీద చూసి తేల్చడం మీ వల్ల కాదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేశాక పెద్ద యాప్‌లు డబ్బాటలు ఆపేశాయి. నాకిప్పుడు ఎక్కువ ఆందోళన కలిగించేది ‘సరదాకే’ అనే చిప్స్ యాప్‌ల్లో నడిచే ప్రైవేటు టేబుళ్లు. చిప్స్ అమ్మేది ఏజెంటు, గెలిస్తే డబ్బిచ్చేదీ అతనే. కోత ఎంతో, టేబుల్లో ఎవరెవరు కూర్చోవాలో నిర్ణయించేదీ అతనే. అన్యాయం జరిగిందనిపిస్తే ఫోన్ చేయడానికి మీ దగ్గరున్న నంబరు కూడా అతనిదే.