డబ్బులు కట్.. టికెట్ నిల్! ఇప్పుడేం చేయాలి?

కొత్త సినిమా, శుక్రవారం ఫస్ట్ షో. నలుగురు ఫ్రెండ్స్ కలిసి ప్లాన్ చేశారు. ఒకడు సీట్లు సెలెక్ట్ చేసి, యూపీఐ పిన్ కొట్టాడు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. అంతలో బ్యాంకు నుంచి మెసేజ్: 1,180 రూపాయలు డెబిట్. ఊపిరి పీల్చుకుని టికెట్ యాప్‌లోకి వెళ్తే, ‘బుకింగ్ కాలేదు, మళ్లీ ప్రయత్నించండి’ అని ఉంది. సీట్లు పోతాయన్న కంగారులో వెంటనే ఇంకోసారి కట్టేశాడు. టికెట్లయితే వచ్చాయి గానీ ఖాతాలోంచి 2,360 పోయాయి!

ఇంతకీ మొదటి 1,180 ఎక్కడున్నాయి? యూపీఐలో మన డబ్బు ఒకే దూకులో షాపు వాడి దగ్గరికి వెళ్లదు. ముందు మన బ్యాంకు ఖాతాలోంచి తీస్తుంది. తర్వాత అవతలి బ్యాంకు జమ చేసుకుంటుంది. ఆ కబురు చివరికి టికెట్ యాప్‌కి చేరాలి. ఈ మూడింటి మధ్యా సమాచారాన్ని నడిపించేది ఎన్‌పీసీఐ. డెబిట్ మెసేజ్ వచ్చిందంటే మొదటి మెట్టు అయిందని మాత్రమే అర్థం. మిగతా రెండిట్లో ఎక్కడ ఆగినా ఆర్డర్ కన్ఫర్మ్ కాదు.

ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి టికెట్ యాప్ కాదు, డబ్బు కట్టిన యూపీఐ యాప్‌లో హిస్టరీ చూడాలి. అక్కడ ‘పెండింగ్’ అని ఉంటే లెక్క ఇంకా తేలలేదన్నమాట. అది కాసేపటికి సక్సెస్ కావొచ్చు, ఫెయిల్ కూడా కావొచ్చు. అందుకే పెండింగ్‌లో ఉండగా రెండోసారి కడితే రెండూ వెళ్లిపోయే ప్రమాదం ఉంది. మనోడి విషయంలో జరిగింది అదే.

‘ఫెయిల్డ్’ అని ఉండి డబ్బు కట్ అయి ఉంటే, దాన్ని వెనక్కి పంపే బాధ్యత బ్యాంకులది. దీనికి రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లోనే గడువులు పెట్టింది. ఫ్రెండ్‌కో, ఇంట్లోవాళ్లకో పంపిన డబ్బు అవతల జమ కాకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. షాపుకో, యాప్‌కో కట్టిన డబ్బుకి వాళ్ల వైపు కన్ఫర్మేషన్ అందకపోతే ఐదు రోజుల్లో రావాలి. ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినా ఇదే ఐదు రోజుల లెక్క. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి, అదీ మనం అడక్కుండానే. ఉదాహరణకి 10వ తేదీన కట్ అయిన డబ్బు 15 లోపు రావాలి. 17న వచ్చిందనుకోండి, రెండు రోజులు ఆలస్యం కాబట్టి దాంతోపాటు మరో 200 రావాలి.

అసలు చిక్కు మూడో రకంతో. యూపీఐ యాప్‌లో ‘సక్సెస్’ అనే ఉంటుంది, కానీ టికెట్ ఉండదు. సీట్లను మన పేరు మీద కొన్ని నిమిషాలే పట్టి ఉంచుతారు. పేమెంట్ కబురు ఆ టైమ్ దాటాక వస్తే, డబ్బు చేరినా బుకింగ్ కాదు. ఇక్కడ బ్యాంకు దృష్టిలో పేమెంట్ సవ్యంగా అయిపోయింది. కాబట్టి అది రివర్సల్ కాదు, రీఫండ్. ఇవ్వాల్సింది డబ్బు తీసుకున్న కంపెనీ. పైన చెప్పిన ఐదు రోజుల గడువు, 100 రూపాయల పరిహారం దీనికి వర్తించవు. చాలామంది ఈ తేడా తెలియక బ్యాంకు చుట్టూ తిరుగుతుంటారు. మనోడి మొదటి పేమెంట్ కూడా సాయంత్రానికి సక్సెస్‌గా మారింది. టికెట్ యాప్ హెల్ప్‌లో ఫిర్యాదు పెట్టాక నాలుగో రోజు డబ్బు ఖాతాలో పడింది.

ఎవరికి ఫిర్యాదు చేసినా వాళ్లు ముందు అడిగేది 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్. హిస్టరీలో ఆ పేమెంట్ మీద నొక్కితే కనిపిస్తుంది. దాన్ని, బుకింగ్ కాలేదన్న స్క్రీన్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫెయిలైన పేమెంట్ గడువులోపు రాకపోతే యూపీఐ యాప్‌లో అదే లావాదేవీ కింద ఫిర్యాదు పెట్టి, మీ బ్యాంకుకీ రాతపూర్వకంగా చెప్పండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, దాని జవాబు మీకు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. ఫీజేమీ ఉండదు.

ఒక్క తప్పు మాత్రం చేయొద్దు. కంగారులో కస్టమర్ కేర్ నంబర్‌ని గూగుల్‌లో వెతక్కండి. అక్కడ దొంగ నంబర్లు కాచుకుని ఉంటాయి. ‘రీఫండ్ పంపిస్తున్నాం, పిన్ ఎంటర్ చేయండి’ అని ఎవరైనా అన్నారంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదు. వెనక్కి రావాల్సిన డబ్బుకి మీ పిన్‌తో పనే లేదు.