ఒక్క గడి మారిస్తే లెక్కంతా మారాలి

హైదరాబాద్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉందనుకుందాం. ఉద్యోగులు 20 మంది. ఒక్కొక్కరి పనికి అమెరికా క్లయింటు నెలకు 2,500 డాలర్లు ఇస్తాడు. డాలరు 85 రూపాయలైతే నెల రాబడి 42,50,000. అదే 82కి దిగితే 41,00,000. అంటే నెలకు లక్షన్నర తేడా.

చిక్కంతా ఆ 85ను పన్నెండు నెలల ఫార్ములాల్లోనూ నేరుగా టైపు చేయడంలోనే ఉంది. రేటు మారినప్పుడు పదకొండు చోట్ల దిద్ది ఒకటి మరిచిపోతే షీటు ఏ తప్పూ చూపించదు, మొత్తం మాత్రం తప్పుతుంది.

అందుకే ఉద్యోగుల సంఖ్య, ధర, వృద్ధి రేటు, డాలరు రేటు అన్నీ `Assumptions` అనే వేరే షీటులో ఉండాలి. అందులో C నిలువు వరుసలో మామూలు అంచనా, Dలో గడ్డు అంచనా, Eలో మంచి అంచనా రాయాలి. B1లో 1, 2, 3లలో ఏది వేస్తే ఆ అంచనా B వరుసలోకి వస్తుంది. డాలరు రేటు నాలుగో అడ్డు వరుసలో ఉంటే B4లో రాయాల్సింది ఇది:

```
=CHOOSE($B$1,C4,D4,E4)
```

మిగతా షీట్లన్నీ B వరుసనే చూడాలి. రేటు పక్కన అది ఏ తేదీదో రాయడం తప్పనిసరి. తేదీ లేని రేటును నమ్మలేం.

పరీక్ష తేలిక. డాలరు రేటును కాసేపు సున్నా చేయండి. రూపాయల్లో డాలరు రాబడి ఇంకా ఎక్కడైనా కనిపిస్తే, పాత 85 అక్కడే దాగి ఉంది.