సమీకరణంలో లోపం లేకున్నా సాధన మధ్యలో ఎందుకు ఆగిపోతుంది?

y′ = y² అనే అవకలన సమీకరణం తీసుకుందాం. ఏ క్షణంలోనైనా y పెరిగే వేగం, y వర్గానికి సమానం అని దీనర్థం. కాలాన్ని సెకన్లలో కొలుస్తూ, t = 0 దగ్గర y = 1తో మొదలుపెడితే సాధన y = 1/(1 − t).

y 1 నుంచి 2 కావడానికి అర సెకను పడుతుంది. 2 నుంచి 4కి పావు సెకను, 4 నుంచి 8కి అందులో సగం. ఎన్నిసార్లు రెట్టింపైనా ఈ సమయాలన్నీ కలిపితే ఒక సెకను దాటదు. అంటే సెకను నిండేలోపే y ఎంత పెద్ద సంఖ్యనైనా మించిపోతుంది. అదే y′ = y అయితే ఈ చిక్కే లేదు. అక్కడ ప్రతి రెట్టింపుకీ ఒకే సమయం, సుమారు 0.69 సెకన్లు.

మరి సూత్రంలో t = 2 వేస్తే −1 వస్తుంది కదా? చాలామంది తడబడేది ఇక్కడే. t = 1 దగ్గర గీత తెగిపోయింది; అవతలి ముక్క మనం మొదలుపెట్టిన సాధన కాదు. మనది చెల్లేది t < 1 వరకే.

విచిత్రమేమిటంటే, సమీకరణాన్ని ఎంత తేరిపార చూసినా ఈ హద్దు కనిపించదు. అది మొదటి విలువను బట్టి మారుతుంది. y = 2తో మొదలైతే గడువు అర సెకనే. y = −1తో మొదలైతే y = −1/(1 + t); ముందుకు వెళ్లేకొద్దీ సున్నాకు దగ్గరవుతుందే తప్ప ఎన్నడూ పేలదు.