సగటు కంటే తక్కువైతే నష్టమేనా?

రాజమండ్రిలో ఇంట్లో పచ్చళ్లు పట్టి ఆన్‌లైన్లో అమ్మే ఒకావిడ గూగుల్‌లో ప్రకటన ఇచ్చారనుకుందాం. పదివేల సార్లు కనిపిస్తే 200 క్లిక్కులు, ఆరు ఆర్డర్లు వచ్చాయి. అంటే క్లిక్ రేటు 2 శాతం, క్లిక్ చేసినవాళ్లలో కొన్నవాళ్లు 3 శాతం. అమెరికాకు చెందిన వర్డ్‌స్ట్రీమ్ సంస్థ 2024లో వేసిన సగటులు చూస్తే ఇవే వరుసగా 6.42, 6.96 శాతం. ఆవిడ గుండె జారిపోవడం సహజం.

కానీ ఆ సగటులు అమెరికాలో నడిచిన సెర్చ్ ప్రకటనలవి. ఆవిడ లెక్కలో రెండు రకాలు కలిసిపోయాయి. సెర్చ్ ప్రకటన పెట్టేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ అన్నచోట టిక్ తీసేయకపోతే, వేరే సైట్లలోనూ ఆ ప్రకటన కనిపిస్తుంది. వార్త చదువుతున్నవాళ్లు పచ్చడి ప్రకటనను నొక్కడం అరుదు. విడదీసి చూస్తే, సెర్చ్‌లో 2,500 సార్లు కనిపించి 160 క్లిక్కులు తెచ్చింది. అది 6.4 శాతం. మిగతా 7,500 సార్లకు వచ్చినవి 40 క్లిక్కులే. ప్రకటన బాగానే ఉంది, లెక్క కలగాపులగమైంది.

ఆ ఆరు ఆర్డర్లూ సెర్చ్ నుంచే వచ్చాయనుకుంటే కొనుగోలు రేటు 3.75 శాతం. ఇదింకా సగటుకు దూరమే. అయితే ఆ సగటులో ఫోన్ చేసినవాళ్లు, ఫారం నింపినవాళ్లు కూడా ఉంటారు. ఈవిడ డబ్బు కట్టిన ఆర్డర్లనే లెక్కపెట్టారు. వాట్సాప్‌లో అడిగి కొన్నవాళ్లు ఇందులో లేనే లేరు.

అంతకన్నా పెద్ద సంగతి, ఆరు అన్నది చాలా చిన్న సంఖ్య. 160 క్లిక్కులకు ఆరు ఆర్డర్లు వచ్చాయంటే, గణాంక శాస్త్రం ప్రకారం అసలు రేటు 1.7 నుంచి 8 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ సగటు కూడా అందులోనే ఉంది! వెనకబడ్డామనడానికి ఇంకా ఆధారం లేదు.

ఆవిడ చూసుకోవాల్సిన గీత వేరు. క్లిక్కుకు ఆరు రూపాయలు, ఒక్కో ఆర్డరుపై ప్రకటన ఖర్చు పోనిచ్చి మిగలాల్సిన లాభం కాక, ప్రకటనకు ముందు మిగిలేది 300 రూపాయలు. నూటికి ఇద్దరు కొంటే పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ 2 శాతం ఆవిడ సొంత బెంచ్‌మార్క్. అమెరికాలో పళ్ల డాక్టరుకో లాయరుకో ఎంత వచ్చిందన్నది దీన్ని మార్చదు. చిక్కల్లా, ఇప్పటి లెక్కలో 2 శాతం కూడా ఆ 1.7 – 8 మధ్యనే ఉంది. లాభమని కూడా ఖాయంగా చెప్పలేం.

ఇదే వేగంతో 640 క్లిక్కులకు 24 ఆర్డర్లు వస్తే ఆ పరిధి సుమారు 2.5 – 5.5కి కుదించుకుంటుంది. అప్పుడు సగటుకు తక్కువే, అయినా లాభమే అని నమ్మకంగా అనొచ్చు. అందాకా డిస్‌ప్లే టిక్ తీసేసి, వాట్సాప్ ఆర్డర్లనూ రాసుకుంటూ, ప్రకటనను ఆపకుండా, బడ్జెట్ పెంచకుండా నడపండి.